ఓపెన్ డెల్టాలో 49 వోల్టులు: కొండపల్లి వైపు ఒక 6.6 కేవీ ఎర్త్ ఫాల్ట్ కథ

2024 అక్టోబరు మూడో వారంలో ఒక రోజు తెల్లవారుజామున అయిదున్నరకు ఫోన్ వచ్చింది. విజయవాడ నుంచి కొండపల్లి వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక సిమెంట్ గ్రైండింగ్ యూనిట్ అది. అక్కడి షిఫ్ట్ ఇంచార్జ్ గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "సార్, రాత్రి రెండు గంటల పది నిమిషాలకు ఎర్త్ ఫాల్ట్ అలారం వచ్చింది. రీసెట్ చేస్తే మళ్ళీ వస్తోంది. ఓపెన్ డెల్టాలో 49 వోల్టులు చూపిస్తోంది. పీటీ ఫ్యూజ్ పోయిందనుకుంటున్నాం, ట్రాలీ బయటికి లాగేస్తాం" అన్నాడు.

పీటీలంటే బస్ వోల్టేజ్‌ను కొలవడానికి తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, అవి ఉండేది ఆ ట్రాలీలోనే. దాన్ని ముట్టుకోవద్దని, నేను వస్తున్నానని చెప్పి భవానీపురం నుంచి బయల్దేరాను. ఆ 49 అనే అంకె దారి పొడవునా నా బుర్రలో తిరిగింది. పూర్తి ఎర్త్ ఫాల్ట్ అయితే 110 దగ్గర ఉండాలి. ఒక ఫ్యూజ్ పోతే 37 దగ్గర ఉండాలి. 49 ఈ రెండింటిలో ఏదీ కాదు. ఈ కేసు రాయడానికి కారణం కూడా ఆ అంకే.

ముందు సిస్టమ్ గురించి. 33 కేవీ సప్లై వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 6.6 కేవీకి దించుతుంది. దాని 6.6 కేవీ వైపు వైండింగ్ డెల్టా, కాబట్టి ఎర్త్ చేయడానికి న్యూట్రల్ అనేదే లేదు. బస్ మీద అయిదు ఫీడర్లున్నాయి. ఒకటోది బాల్ మిల్ మోటారు, రెండోది ప్యాకింగ్ ప్లాంట్ ట్రాన్స్‌ఫార్మర్, మూడోది పెద్ద ఫ్యాను, నాలుగోది రైల్వే సైడింగ్ పక్కన ముడిసరుకు యార్డు, అయిదోది నీళ్ళ పంపుహౌస్. కేబుల్ అంతా కలిపితే దాదాపు 4 కిలోమీటర్లు. అందులో నాలుగోది 1.2, అయిదోది 1.1 కిలోమీటర్లు. మిగతావన్నీ ఇంకా చిన్నవి.

ఇలాంటి ఎర్త్ లేని సిస్టమ్‌లో ఒక ఫేజ్ భూమికి తగిలితే పెద్ద కరెంటు పారదు. కరెంటు తిరిగి రావడానికి ఉన్న దారి మిగతా రెండు ఫేజుల కేబుల్ కెపాసిటెన్స్ మాత్రమే. అందుకే ఫాల్ట్ ఉన్నా ప్లాంట్ నడుస్తూనే ఉంటుంది. చాలామంది దీన్ని ఈ సిస్టమ్‌లోని సుఖంగా చెబుతారు. కానీ ఆ సమయంలో మంచి ఫేజులు రెండూ భూమితో పోలిస్తే 3.8 కేవీ బదులు 6.6 కేవీ దాకా లేస్తాయి. ఆ స్థితిలో ఇంకో ఫేజ్ మరెక్కడో బలహీనంగా ఉండి అదీ పోతే, అప్పుడది రెండు చోట్ల భూమి మీదుగా పారే ఫేజ్-టు-ఫేజ్ షార్ట్ సర్క్యూట్. కాబట్టి మొదటి ఫాల్ట్‌ను రెండోది రాకముందే పట్టుకోవాలి. దానికి మనకున్న కన్ను ఓపెన్ డెల్టా ఒక్కటే.

ఇక్కడ ఒక పేరు గొడవ చెప్పాలి. రెండే పీటీలు లైన్-టు-లైన్ కట్టి V ఆకారంలో కలిపే పద్ధతిని కూడా ఓపెన్ డెల్టా అంటారు. దానికి భూమితో సంబంధం లేదు కాబట్టి అది ఎర్త్ ఫాల్ట్‌ను ఎప్పటికీ చూడలేదు. మన స్విచ్‌గేర్ వాళ్ళు ఓపెన్ డెల్టా అని పిలిచేది వేరు. మూడు సింగిల్ ఫేజ్ పీటీల ప్రైమరీలను స్టార్‌గా కట్టి, ఆ స్టార్ పాయింట్‌ను ఎర్త్ చేస్తారు. ఒక్కో పీటీలో రెండో సెకండరీ వైండింగ్ ఉంటుంది. ఆ మూడింటినీ వరసగా డెల్టాలా కలిపి, చివరి మూలను మూయకుండా వదిలేసి, ఆ తెరిచిన మూలకు రిలే కడతారు. ప్రైమరీ స్టార్ ఎర్త్ కాకపోతే ఇదంతా దండగ. మూడు లింబుల కోర్ ఉన్న త్రీ ఫేజ్ పీటీ కూడా దీనికి పనికిరాదు, ఎందుకంటే జీరో సీక్వెన్స్ ఫ్లక్స్ తిరిగి రావడానికి ఆ కోర్‌లో సరైన దారి లేదు. మూడు విడి పీటీలన్నా ఉండాలి, అయిదు లింబుల కోర్ అన్నా ఉండాలి.

ఈ ప్లాంట్‌లో మూడు విడి పీటీలే. నేమ్‌ప్లేట్ మీద 6600/√3 : 110/√3 : 110/3 అని ఉంది. మామూలుగా ఒక్కో ఓపెన్ డెల్టా వైండింగ్‌లో 36.7 వోల్టులు ఉంటాయి. మూడూ 120 డిగ్రీల దూరంలో ఉంటాయి కాబట్టి మొత్తం సున్నా. నిజంలో వోల్టో రెండో కనిపిస్తాయి. ముందు వారం లాగ్ బుక్కు చూస్తే ఇక్కడ 1.2 నుంచి 1.5 మధ్య రాసి ఉంది. ఆర్ ఫేజ్ నేరుగా భూమికి తగిలిందనుకోండి. దాని వైండింగ్‌లో సున్నా. మిగతా రెండూ 63.5 వోల్టులకు లేస్తాయి, వాటి మధ్య కోణం 60 డిగ్రీలకు తగ్గుతుంది. వెక్టర్లుగా కలిపితే సరిగ్గా 110. అదే రెసిడ్యువల్ వోల్టేజ్. రిలేకు ఇక్కడ 22 వోల్టుల సెట్టింగు, 5 సెకన్ల టైమ్ డిలే ఇచ్చి అలారానికి మాత్రమే పెట్టారు. ట్రిప్ లేదు.

ఆరు గంటల ముప్పావుకు ప్యానెల్ రూముకు చేరాను. అప్పటికి వాళ్ళు ఒక పని చేసి ఉన్నారు. అయిదో ఫీడర్ తీసి చూశారు. "అది తియ్యగానే 49 కాస్తా 62 అయింది సార్. ఫాల్ట్ అక్కడే కదా?" అన్నాడు షిఫ్ట్ ఇంచార్జ్. అక్కడున్న పెద్దాయన, ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ఎలక్ట్రీషియన్, ఒప్పుకోలేదు. "అదెట్లా కుదురుద్ది బాబూ? ఫాల్టున్న ఫీడర్ తీస్తే వోల్టేజ్ పడిపోవాల గానీ పెరుగుద్దా?" అన్నాడు. ఇద్దరికీ మీటర్ ముందు నిలబడి సమాధానం చెప్పాలి. కానీ అంతకుముందు ఇది నిజంగా ఎర్త్ ఫాల్టేనా, లేక ఫ్యూజ్ సమస్యా అన్నది తేలాలి.

పీటీ ప్రైమరీ ఫ్యూజ్ ఒకటి పోతే ఆ ఫేజ్ వైండింగ్ చచ్చిపోతుంది. మిగతా రెండూ 36.7 వోల్టుల దగ్గరే ఉంటాయి, వాటి మధ్య 120 డిగ్రీలు అలాగే ఉంటాయి. మొత్తం కూడా 36.7 వోల్టులే వస్తుంది. 22 వోల్టుల సెట్టింగున్న రిలే దీనికి కూడా అలారం ఇస్తుంది. కాబట్టి అలారం వచ్చిందంటే ఎర్త్ ఫాల్ట్ అని నమ్మడానికి లేదు. ఈ రెంటినీ విడదీసేది ఓపెన్ డెల్టా కాదు, పక్కనే ఉన్న స్టార్ సెకండరీ. ఎర్త్ ఫాల్ట్‌లో ఫేజ్-టు-ఎర్త్ వోల్టేజీలు చెదిరిపోతాయి కానీ లైన్-టు-లైన్ వోల్టేజీలు చెక్కుచెదరవు. ఎందుకంటే డెల్టా త్రికోణం అలాగే ఉంటుంది, భూమి అనే చుక్క మాత్రమే దాని మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. ఫ్యూజ్ పోయినప్పుడు సరిగ్గా తలకిందులు. మంచి ఫేజులు రెండూ 63.5 దగ్గర ప్రశాంతంగా ఉంటాయి, కానీ పోయిన ఫేజ్‌తో కలిసే రెండు లైన్ వోల్టేజీలు 110 నుంచి 63 దగ్గరికి పడిపోతాయి.

టెస్ట్ టెర్మినల్ బ్లాక్ దగ్గర ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటర్ పెట్టాను. లైన్ వోల్టేజీలు 110, 110, 109. అంటే ఫ్యూజులు మూడూ బాగున్నాయి. ఫేజ్ వోల్టేజీలు ఇలా ఉన్నాయి:

```
R-N = 57 V
Y-N = 53 V
B-N = 92 V
Open delta = 49 V, 50.0 Hz
```

ఫ్రీక్వెన్సీ కూడా చూసింది ఎందుకంటే, ఎర్త్ లేని సిస్టమ్‌లో పీటీ కోర్ సాచురేట్ అయి కేబుల్ కెపాసిటెన్స్‌తో ఫెర్రోరెజొనెన్స్‌లో పడితే కూడా ఓపెన్ డెల్టాలో వోల్టేజ్ వస్తుంది. అప్పుడు చాలాసార్లు 50 కాకుండా 25 హెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది, పీటీ దగ్గర హమ్మింగ్ మారుతుంది, మూడు ఫేజులూ ఎక్కువ చూపించవచ్చు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. 50 హెర్ట్జ్, లైన్లు సమానం. ఇది నిజమైన ఎర్త్ ఫాల్టే.

ట్రాలీ లాగొద్దని చెప్పిన కారణం ఇప్పుడు వాళ్ళకు అర్థమైంది. అది లాగి ఉంటే ఫాల్ట్ అక్కడే ఉండేది, దాన్ని చూసే కన్ను మాత్రం పోయేది.

ఇక ఏ ఫేజ్ అన్న ప్రశ్న. అక్కడున్న అందరూ వై ఫేజ్ అన్నారు. అన్నింటికంటే తక్కువ వోల్టేజ్ దానిదే కదా, 53. పైగా రెండు నెలల కిందట బాల్ మిల్ మోటారు టెర్మినల్ బాక్సులో వై ఫేజ్ టెర్మినేషన్ మార్చారట. అందుకని మిల్ ఆపి ఆ బాక్సు తెరవాలని మెయింటెనెన్స్ వాళ్ళు ఏడు గంటలకల్లా స్పానర్లతో సిద్ధంగా ఉన్నారు. మిల్ ఆపితే మళ్ళీ పూర్తి లోడుకు రావడానికి సగం షిఫ్టు పోతుంది.

నేను ఆపాను. ఫాల్ట్ ఆర్ ఫేజ్‌లో ఉందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు, అది సహజమే. తక్కువ వోల్టేజ్ ఉన్న ఫేజే ఫాల్ట్ ఫేజ్ అన్నది మనం మొదటి రోజు నుంచి నేర్చుకున్న మాట. అది నేరుగా తగిలిన ఫాల్ట్‌కు నిజం. ఫాల్ట్‌లో రెసిస్టెన్స్ ఉంటే ఒక హద్దు దాటాక ఆ మాట తప్పు అవుతుంది.

ఎందుకో చూద్దాం. భూమి నుంచి చూస్తే సిస్టమ్ న్యూట్రల్‌కు మూడు ఫేజుల కెపాసిటెన్స్ కలిసి ఒక రియాక్టెన్స్‌లా కనిపిస్తుంది. దాన్ని X అందాం. ఫాల్ట్ రెసిస్టెన్స్ Rf దానితో సిరీస్‌లో వచ్చినట్టు లెక్క. ఫేజ్ వోల్టేజ్ ఈ రెండింటి మీదా పంచుకోబడుతుంది. ఒకటి రెసిస్టెన్స్, ఇంకొకటి కెపాసిటెన్స్ కాబట్టి రెండింటి వోల్టేజీలూ 90 డిగ్రీల తేడాలో ఉంటాయి. అంటే భూమి చుక్క త్రికోణం మధ్య నుంచి ఆర్ మూలకు నేరుగా గీత మీద నడవదు. ఒక అర్ధవృత్తం మీదుగా, పక్కకు వంగి వెళ్తుంది. ఆ వంపు వై వైపుకు ఉంటుంది, బీకి దూరంగా. అందువల్ల ఫాల్ట్ ఆర్‌లో ఉన్నా, దారి మొదటి మూడో వంతులో భూమి చుక్క ఆర్ కంటే వైకే దగ్గరగా ఉంటుంది.

```
X  = 1 / (3 · 2π · 50 · C)
k  = Rf / X
Vr = 110 / √(1 + k²)
```

ఇందులో C ఒక్కో ఫేజ్ కెపాసిటెన్స్, Vr రెసిడ్యువల్ వోల్టేజ్. ఈ లెక్కను చివరిదాకా చేస్తే చక్కటి ఫలితం వస్తుంది. k విలువ √3 అయినప్పుడు ఆర్, వై రెండూ సమానం అవుతాయి. అప్పుడు రెసిడ్యువల్ వోల్టేజ్ సరిగ్గా సగం, అంటే 55 వోల్టులు. దానికంటే ఎక్కువ ఉంటే తక్కువ వోల్టేజ్ ఫేజే ఫాల్ట్ ఫేజ్. 55 కంటే తక్కువ ఉంటే తక్కువ వోల్టేజ్ చూపించేది ఫాల్ట్ ఫేజ్ కాదు, దాని పక్క ఫేజ్. కానీ ఎక్కువ వోల్టేజ్ మాత్రం ఎప్పుడూ మోసం చేయదు. ఫాల్ట్ ఆర్‌లో ఉంటే ఎక్కువ చూపించేది బీయే, రెసిస్టెన్స్ ఎంతైనా సరే. కాబట్టి నమ్మదగిన సూత్రం ఇది: అన్నింటికంటే ఎక్కువ వోల్టేజ్ ఉన్న ఫేజ్ ఏదో చూడండి, ఫేజ్ సీక్వెన్స్‌లో దాని తర్వాత వచ్చేదే ఫాల్ట్ ఫేజ్. ఇక్కడ బీ 92. ఆర్-వై-బీ వరసలో బీ తర్వాత మళ్ళీ ఆర్.

దీనికి ఒక షరతు ఉంది. సీక్వెన్స్ నిజంగా ఆర్-వై-బీ అయి ఉండాలి. ఎక్కడో రెండు ఫేజులు మారి, ఆర్-బీ-వై అయి ఉంటే సూత్రం తిరగబడుతుంది. అందుకే టెస్ట్ బ్లాక్ దగ్గరే సీక్వెన్స్ మీటర్‌తో చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. ఇంకో షరతు, మూడు ఫేజుల కెపాసిటెన్స్ సమానంగా ఉండాలి. అంతా త్రీ కోర్ కేబులే కాబట్టి ఇక్కడ దానికి ఇబ్బంది లేదు. ఓవర్‌హెడ్ లైన్లు కలిస్తే, మామూలుగానే కొన్ని వోల్టుల రెసిడ్యువల్ ఉంటుంది, అప్పుడు దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఈ కేబుల్‌కు కిలోమీటరుకు ఫేజ్‌కు దాదాపు 0.4 మైక్రోఫారడ్లు తీసుకున్నాను. 4 కిలోమీటర్లకు 1.6. దాన్నిబట్టి X దాదాపు 663 ఓములు. నేరుగా తగిలిన ఫాల్ట్ అయితే పారే కరెంటు 3810 వోల్టులను 663తో భాగిస్తే వచ్చేది, అంటే 5.7 ఆంపియర్లు. మన 49 వోల్టుల రీడింగుకు k దాదాపు 2 వస్తుంది. కాబట్టి ఫాల్ట్ రెసిస్టెన్స్ దాదాపు 1300 ఓములు, ఫాల్ట్ కరెంటు 2.6 ఆంపియర్లు. k=2 పెట్టి మూడు ఫేజుల వోల్టేజీలు లెక్కిస్తే 56.8, 53.4, 91.9 వస్తాయి. మీటర్ చూపించింది 57, 53, 92. ఆ కాగితం చూపించాక పెద్దాయన దాన్ని రెండు సార్లు చదివి, మెయింటెనెన్స్ వాళ్ళను కాసేపు కూర్చోమన్నాడు.

ఈ లెక్క ఇంకో సంగతి చెబుతుంది, నాకు భయం వేసింది దానివల్లే. 2.6 ఆంపియర్లు 1300 ఓముల్లో పారితే అక్కడ వేడి దాదాపు 8.7 కిలోవాట్లు. ఇంట్లో గీజర్లు నాలుగు ఒకే చోట పెట్టినట్టు. ఏ ఇన్సులేషనూ ఇంత వేడిని గంటల తరబడి ఒక్క చోట తట్టుకోదు. తట్టుకుంటోందంటే చుట్టూ చల్లబరిచేదేదో ఉండాలి. నీళ్ళు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగిన వానలకు ఈ ప్లాంట్ కేబుల్ ట్రెంచులు కూడా నిండాయని వాళ్ళే చెప్పారు. నీళ్ళు తోడారు కానీ, భూమిలో ఉన్న జాయింట్ పిట్లను ఎవరూ తెరిచి చూడలేదు.

అప్పుడు అయిదో ఫీడర్ సంగతికి వచ్చాను. వాళ్ళు చూసిన 62 తప్పు రీడింగ్ కాదు. మంచి ఫీడర్ తీస్తే దానితోపాటు దాని కెపాసిటెన్స్ కూడా పోతుంది. మొత్తంలో 1.1 కిలోమీటర్లు, అంటే నాలుగో వంతు పైగా తగ్గింది. C తగ్గితే X పెరుగుతుంది, Rf అదే కాబట్టి k తగ్గుతుంది, 2 కాస్తా 1.45 అవుతుంది. రెసిడ్యువల్ 62.5 కు లేస్తుంది. అంటే పెరగడమే ఆ ఫీడర్ బాగుందని చెప్పే సాక్ష్యం. ఫాల్టున్న ఫీడర్ తీస్తేనే వోల్టేజ్ ఒకటి రెండు వోల్టులకు పడిపోతుంది. రెసిస్టెన్స్ ఉన్న ఫాల్ట్‌లో, ఫీడర్ల కోసం వెతికేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి. నేరుగా తగిలిన ఫాల్ట్ అయితే ఇంత తేడా కనిపించదు, ఏ మంచి ఫీడర్ తీసినా 110 దగ్గరే నిలబడి ఉంటుంది. నా కళ్ళతో చూడాలని ఇంకోసారి అయిదో ఫీడర్ తీయించాను. 62 వచ్చింది, మళ్ళీ వేస్తే 49.

నాలుగో ఫీడర్ మీద నాకు అనుమానం బలంగా ఉంది. పొడవైనది అదే, దారిలో జాయింట్ ఉంది, పిట్టు యార్డు పక్కన పల్లంలో ఉంది. కానీ అప్పుడు సైడింగ్‌లో వ్యాగన్లు ఖాళీ చేస్తున్నారు, ప్రొడక్షన్ వాళ్ళు ముప్పావు గంట ఆగమన్నారు. ఎనిమిది గంటల గడియారం నా మనసులో నడుస్తూనే ఉంది. ఎర్త్ లేని సిస్టమ్‌కు పెట్టే పీటీ వోల్టేజ్ ఫ్యాక్టర్ 1.9, అదీ 8 గంటల వరకే. అలారం రెండు గంటల పదికి వచ్చింది. బీ ఫేజ్ అప్పటికి మామూలుకు 1.45 రెట్లే ఉంది, కానీ ఫాల్ట్ నేరుగా తగిలితే 1.73 కు వెళ్తుంది.

ఆ ముప్పావు గంటలో ఏ ఫీడరూ ఆపకుండా చేయగలిగే పని ఒకటి ఉంది. ప్రతి ఫీడర్ కేబుల్ చుట్టూ, మూడు ఫేజుల కరెంటుల మొత్తాన్ని చూసే కోర్ బ్యాలెన్స్ సీటీ ఉంది, 50/1 రేషియో. మంచి ఫీడర్‌లో అది తన సొంత కేబుల్ కెపాసిటివ్ కరెంటును మాత్రమే చూస్తుంది. ఫాల్టున్న ఫీడర్‌లో మాత్రం మిగతా ఫీడర్ల కరెంటంతా కలిసి వెనక్కి వస్తుంది. సీటీ సెకండరీ వైరును విప్పకుండా, దాని మీదే మిల్లీఆంపియర్ క్లాంప్ మీటర్ వేశాను. సీటీ సెకండరీ ఎప్పుడూ ఓపెన్ కాకూడదు, ఈ తొందరలో అసలు కాకూడదు. అయిదో ఫీడర్ 13 మిల్లీఆంపియర్లు, రెండోది 10, ఒకటోది, మూడోది 5, 6 దగ్గర. నాలుగోది 34. అది బాగుంటే దాని పొడవుకు 15 రావాలి. మిగతా 2.8 కిలోమీటర్ల కరెంటు దాని గుండా పోతే 36 రావాలి. ఇక అనుమానం లేదు.

ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు నాలుగో ఫీడర్ బ్రేకర్ తీశాం. ఓపెన్ డెల్టా 1.4 వోల్టులకు పడింది. ఫేజులు మూడూ 63, 64 దగ్గరికి వచ్చాయి. బ్రేకర్ ట్రాలీ లాగి, రెండు చివర్లా డెడ్ అని చూసుకుని, కేబుల్‌ను ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేశాకే పిట్ దగ్గరికి వెళ్ళనిచ్చాను. లైవ్‌లో ఉండగా ఆ పిట్ దగ్గర నిలబడటం ప్రమాదం. ఫాల్ట్ కరెంటు భూమిలోకి దిగే చోట రెండు పాదాల మధ్యే వోల్టేజ్ ఉంటుంది.

పలక ఎత్తితే లోపల మోకాలి లోతు నీళ్ళు. పెద్దాయన చెయ్యి పెట్టి, "వేడిగా ఉన్నాయండీ, కాఫీ పెట్టినట్టు" అన్నాడు. ఆ నీళ్ళే రాత్రంతా ఆ జాయింట్‌ను చల్లబరుస్తూ, దాన్ని పూర్తిగా కాలిపోకుండా నిలబెట్టాయి. మోటారు పెట్టి నీళ్ళన్నీ తోడాక మెగ్గర్ పెట్టాం. వై, బీ ఫేజులు వందల మెగోముల్లో ఉన్నాయి. ఆర్ ఫేజ్ దగ్గర ముల్లు సున్నా మీదే. జాయింట్ కోసి చూస్తే ఆర్ కోర్ మీద ఇన్సులేషన్ నుంచి ఆర్మర్ దాకా నల్లటి గీత, చిటికెన వేలంత వెడల్పు. హీట్ ష్రింక్ ట్యూబ్ చివర సీలింగ్ మాస్టిక్ ఒక పక్క సరిగ్గా కరగలేదు. వేసినప్పుడు టార్చ్ ఆ వైపుకు అందలేదేమో. వానాకాలం నీళ్ళు నిదానంగా అందులోంచి దిగాయి.

కొత్త జాయింట్ వేయించడం, టెస్ట్ చేయించడం సాయంత్రానికి అయిపోయింది. కానీ నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రతి ఫీడర్‌కు కోర్ బ్యాలెన్స్ సీటీ, ఎర్త్ ఫాల్ట్ రిలే ఉన్నాయి కదా, నాలుగో ఫీడర్ ఎందుకు ట్రిప్ కాలేదు? సెట్టింగు చూస్తే 10 శాతం. 50/1 సీటీకి అది ప్రైమరీ వైపు 5 ఆంపియర్లు. ఆ రాత్రి నాలుగో ఫీడర్ సీటీ చూసింది 1.7 ఆంపియర్లే. సరే, రెసిస్టెన్స్ ఫాల్ట్ కదా అనుకోవచ్చు. కానీ ఫాల్ట్ నేరుగా తగిలినా ఆ సీటీకి కనిపించేది మిగతా 2.8 కిలోమీటర్ల కరెంటు, అంటే 4 ఆంపియర్లు. మొత్తం ఫాల్ట్ కరెంటే 5.7. దాంట్లో సొంత కేబుల్ భాగం సీటీకి కనిపించదు. అంటే ఎర్త్ ఉన్న సిస్టమ్ నుంచి కాపీ చేసిన ఆ 10 శాతం సెట్టింగుతో ఆ రిలే ఈ ఫీడర్‌లో ఏ రోజూ పనిచేసే అవకాశం లేదు. కమిషనింగ్ రిపోర్టులో మాత్రం సెకండరీ ఇంజెక్షన్ చేసి 'ఓకే' అని రాసి ఉంది. రిలే నిజంగానే ఓకే. దానికి అందాల్సిన కరెంటే సిస్టమ్‌లో లేదు.

దీన్ని తగ్గించడానికీ హద్దుంది. వేరే ఫీడర్‌లో నేరుగా ఫాల్ట్ వచ్చినప్పుడు 1.2 కిలోమీటర్ల నాలుగో ఫీడర్ బాగున్నా తన సొంత కెపాసిటెన్స్ వల్ల 1.7 ఆంపియర్లు చూపిస్తుంది. అది దాటి ఉండాలి, లేకపోతే మంచి ఫీడర్ ట్రిప్ అవుతుంది. అందుకని 5 శాతం, అంటే 2.5 ఆంపియర్లు పెట్టించాను. ఇది పూర్తి పరిష్కారం కాదు. పంపుహౌస్ ఫీడర్ ఆపి ఉన్న రోజున నాలుగో ఫీడర్‌లో ఫాల్ట్ వస్తే దానికి 2.4 ఆంపియర్లే అందుతాయి, రిలే కదలదు. ఆ రాత్రి లాంటి 1300 ఓముల ఫాల్ట్‌కు కూడా కదలదు. ఇలాంటి చిన్న సిస్టమ్‌కు అసలు కావల్సింది డైరెక్షనల్ ఎర్త్ ఫాల్ట్ రిలే. అది ఓపెన్ డెల్టా వోల్టేజ్‌ను ఆధారంగా తీసుకుని, కరెంటు బస్ నుంచి ఫీడర్‌లోకి పోతోందా, ఫీడర్ నుంచి బస్‌కు వస్తోందా అన్నది కోణంతో తేలుస్తుంది. అప్పుడు సెట్టింగును ఇంకా కిందికి దించవచ్చు. రిపోర్టులో అదే రాశాను, ఖరీదు అంచనాతో సహా.

డైరెక్షనల్ రిలే పెట్టే ముందు చేయవలసిన టెస్ట్ ఒకటి ఆ సాయంత్రమే చేసి వచ్చాను. బస్‌ను డెడ్ చేసి, పీటీ ట్రాలీ లాగి ఆర్ ఫేజ్ ప్రైమరీ ఫ్యూజ్ తీసి, మళ్ళీ లోపలికి తోసి చార్జ్ చేశాం. ఓపెన్ డెల్టాలో 36 వోల్టులు వచ్చింది. మిగతా రెండు ఫేజులకూ అదే చేస్తే 37, 36. మూడు వైండింగుల పోలారిటీ ఒకదానితో ఒకటి సరిపోతోందని దాని అర్థం. ఒక వైండింగ్ తలకిందులుగా కట్టి ఉంటే ఫాల్ట్ లేనప్పుడే ఓపెన్ డెల్టాలో 73 వోల్టులు కనిపించేది. ఫ్యూజులన్నీ తిరిగి పెట్టి చార్జ్ చేశాక 1.3 వోల్టులు వచ్చింది. ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. దాని మీద మూడే సంగతులు రాశాను: లైన్ వోల్టేజీలు ముందు చూడాలి, ఎక్కువ వోల్టేజ్ ఫేజ్ తర్వాతదే ఫాల్ట్ ఫేజ్, ఫీడర్ తీస్తే వోల్టేజ్ పెరిగితే ఆ ఫీడర్ మంచిది. పెద్దాయన దాని కింద నీలం పెన్నుతో నాలుగోది తనే రాశాడు: "వానాకాలం అయ్యాక జాయింట్ పిట్లు తెరిచి చూడవలెను".